నెలకు ఎంత కరుగుతోంది? ఒక కారం కంపెనీ ఇన్వెస్టర్లకు రాసిన లెక్క

గుంటూరు దగ్గర కారం పొడి తయారు చేసే ఒక చిన్న కంపెనీకి నేను పార్ట్‌టైమ్‌గా ఫైనాన్స్ పనులు చూస్తాను. వాళ్లు రైతుల కల్లాల దగ్గరా, మిర్చి యార్డులోనూ సరుకు కొని, తొడిమలు తీయించి, పొడి పట్టించి హైదరాబాద్, బెంగళూరుల్లోని హోటళ్లకు, క్లౌడ్ కిచెన్లకు, మసాలా కంపెనీలకు అమ్ముతారు. బయటి ఇన్వెస్టర్ల డబ్బు ఉంది, లాభం ఇంకా రాలేదు. 2025 జనవరి–మార్చి క్వార్టర్ అయ్యాక ఫౌండర్ ఇన్వెస్టర్లకు రాసిన ఉత్తరం ఎలా తయారైందో ఇక్కడ చెబుతాను. కంపెనీ ఏదో తెలియకుండా అంకెలు కొంచెం మార్చాను కానీ వాటి మధ్య పొంతన మాత్రం అలాగే ఉంచాను.

సమస్య ఏమిటంటే, జనవరి 1న బ్యాంకులో 6.88 కోట్లు ఉంటే మార్చి 31న 4 కోట్లు మిగిలాయి. మూడు నెలల్లో 2.88 కోట్లు, అంటే నెలకు 96 లక్షలు కరిగాయి. అంతకు ముందు క్వార్టర్లో తగ్గింది మొత్తం 75 లక్షలే, నెలకు 25 లక్షలు.

ఇన్వెస్టర్ ఎవరైనా ముందు వేసే లెక్క ఒక్కటే: చేతిలో ఉన్న డబ్బును నెలవారీ బర్న్‌తో, అంటే నెలకు కరిగే డబ్బుతో, భాగించడం. డిసెంబర్‌లో ఆ లెక్క వేస్తే రన్‌వే, అంటే ఉన్న డబ్బు వచ్చే కాలం, 27 నెలలు వచ్చింది. మార్చిలో అదే లెక్కకు నాలుగు నెలలు వస్తోంది. మూడు నెలల్లో 23 నెలల ఆయుష్షు పోయినట్టు కనిపించే కాగితాన్ని ఎవరి ముందు పెట్టినా టెన్షన్ పడతారు, పడాలి కూడా. నిజానికి ఆ 27 ఎంత తప్పో ఈ 4 కూడా అంతే తప్పు. మొదటి అంకె తప్పని ఒప్పుకోకుండా రెండో అంకె తప్పని నమ్మించలేం. ఉత్తరం మొత్తం ఈ ముడి మీదే నడిచింది.

ఫౌండర్ రాసుకొచ్చిన మొదటి డ్రాఫ్టులో ఖర్చు గురించి ఉన్నది రెండే వాక్యాలు: "జనవరి నుంచి మార్చి దాకా మిర్చి సీజన్ కాబట్టి ఏడాదికి సరిపడా సరుకు కొన్నాం. అందువల్ల ఈ క్వార్టర్ ఖర్చు పెరిగింది, ఇది తాత్కాలికమే."

"ఇందులో అబద్ధం ఏముందన్నా?" అని అడిగాడు. అబద్ధం లేదు. కానీ పెరిగిన ఖర్చంతా మిర్చిదేనా? కొంతే మిర్చిదైతే మిగతాది ఎంత, అది వచ్చే నెల ఆగుతుందా, ఆగదా? ఆ రెండు వాక్యాలు చదివిన మనిషికి ఇవేవీ తెలియవు. పైగా సీజన్ అనే మాట దేన్నైనా కప్పేస్తుంది. కొత్తగా తీసుకున్న మనుషుల జీతాలు కూడా దాని చాటుకు వెళ్లిపోతాయి. అందుకే ముందు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉన్న ప్రతి పెద్ద చెల్లింపునూ విడదీశాం. రెండు క్వార్టర్లను పక్కపక్కన పెడితే ఇలా వచ్చింది (లక్షల్లో):

| | అక్టోబర్–డిసెంబర్ | జనవరి–మార్చి |
|---|---|---|
| కస్టమర్ల నుంచి వసూలు | 150 | 165 |
| జీతాలు, ఫ్యాక్టరీ, రవాణా వగైరా | 225 | 252 |
| మిర్చి కొనుగోలు | 0 | 300 |
| కలర్ సార్టర్ మెషీన్ | 0 | 36 |
| అప్పు రాకముందు తగ్గిన డబ్బు | 75 | 423 |
| సరుకు మీద బ్యాంకు ఇచ్చిన అప్పు | 0 | 135 |
| బ్యాంకులో తగ్గిన డబ్బు | 75 | 288 |

ఈ పట్టికలో నేను ఫౌండర్‌కి మొదట చూపించింది కింది నుంచి మూడో వరుస. ఇన్వెస్టర్ల కంట్లో పడేది 288. కానీ కంపెనీ తన పనుల మీద, సరుకు మీద, మెషీన్ మీద నిజంగా ఖర్చు పెట్టి తిరిగి రాబట్టుకోలేకపోయింది 423. మధ్యలో బ్యాంకు అప్పు వచ్చి తేడాను తగ్గించింది. అప్పును వసూళ్లతో కలిపి బర్న్ తక్కువ చూపించడం చాలా కంపెనీల నెలవారీ రిపోర్టుల్లో కనిపిస్తుంది. రిపోర్టు తయారుచేసే వాళ్ల దురుద్దేశం అని కాదు. ఖాతాలోకి వచ్చినదంతా ఒకే కాలమ్‌లో పడిపోతుంది, అంతే. కానీ అప్పు తిరిగి కట్టే నెలల్లో బర్న్ ఉన్నట్టుండి పెరిగినట్టు కనిపించి, అప్పుడు చెప్పుకోవాల్సిన సంజాయిషీ ఇంకా పెద్దదవుతుంది. అందుకే ఉత్తరంలో ముందు 423 చెప్పి, ఆ తర్వాతే అప్పు సంగతి చెప్పాలని నిర్ణయించాం.

ఇప్పుడు 75 నుంచి 423కి ఎందుకు పెరిగిందో చూడాలి. తేడా 348 లక్షలు. అందులో మిర్చి 300, మెషీన్ 36, రోజువారీ ఖర్చుల పెరుగుదల 27. వసూళ్లు 15 పెరిగాయి కాబట్టి అది తీసేస్తే సరిగ్గా 348.

మిర్చి మొత్తం 240 టన్నులు, సగటున క్వింటాలు 12,500 రూపాయలకు కొన్నారు. ఆ ఏడాది ధరలు బాగా పడిపోయాయి. అంతకు ముందు సీజన్లలో 20 వేల దాకా పలికిన సరుకు కొనేవాళ్లు లేక రైతులు యార్డులో ఆందోళనకు దిగారు. ఫిబ్రవరి 2025లో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్ర మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ఫౌండర్ దీన్నే ఉత్తరంలో పెద్దగా చెబుదాం అన్నాడు: ధర తక్కువగా ఉన్నప్పుడు ముందుచూపుతో కొన్నాం అని. నేను ఆ మాట వద్దన్నాను. నెలకు 22 టన్నులు వాడే కంపెనీ 240 టన్నులు కొంటే అది పదకొండు నెలల అవసరం, అంటే ప్రతి ఏటా కొనేంతే. ధర చూసి ఎక్కువ కొన్నామని రాస్తే, లేని సట్టా వ్యాపారాన్ని మనమే నెత్తిన వేసుకున్నట్టవుతుంది. ఆ వెంటనే "మరి ధర ఇంకా పడితే?" అన్న ప్రశ్న వస్తుంది. అది న్యాయమైన ప్రశ్న, దానికి జవాబు కూడా ఉత్తరంలో ఉండాలి. అయితే అది జవాబుగా ఉండాలే తప్ప గొప్పగా కాదు.

ఇక్కడి నుంచే అసలు సంగతి బయటపడింది. జనవరి–మార్చిలో ఏడాది మిర్చి ఒక్కసారి కొన్నారు కాబట్టి బర్న్ ఎక్కువ కనిపించింది, సరే. మరి అక్టోబర్–డిసెంబర్‌లో? ఆ మూడు నెలలూ ఫ్యాక్టరీ ఆగలేదు. నెలకు 20 టన్నుల మిర్చి మరలోకి వెళ్లింది. అదంతా ఏడాది ముందు కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకున్న సరుకు. దానికి ఆ నెలల్లో రూపాయి కూడా ఖర్చు కాలేదు. ఇప్పటి ధరలో లెక్కేస్తే ఆ 20 టన్నుల విలువ నెలకు 25 లక్షలు. అంటే నెలకు 25 లక్షల బర్న్ అని ఇన్వెస్టర్లకు చెప్పిన క్వార్టర్లో అసలు బర్న్ 50 లక్షలు. సగం నిల్వలోంచి తిన్నారు కాబట్టి బ్యాంకు ఖాతాలో కనిపించలేదు.

సీజన్ మీద నడిచే వ్యాపారాల్లో ఇది ఎప్పుడూ ఉండే చిక్కే. బియ్యం మిల్లు అయినా, పచ్చళ్ల కంపెనీ అయినా, పసుపు వ్యాపారమైనా కొనుగోలు లేని క్వార్టర్ చూడముచ్చటగా ఉంటుంది. అప్పుడు ఎవరూ ప్రశ్న వేయరు, ఫౌండర్ కూడా వేసుకోడు. దీన్ని కనిపెట్టడం కష్టమేమీ కాదు. క్వార్టర్ మొదట్లో, చివర్లో నిల్వ ఎన్ని టన్నులుందో చూస్తే చాలు. నిల్వ తగ్గుతూ ఉంటే బర్న్ తక్కువ చూపిస్తున్నట్టు, పెరుగుతూ ఉంటే ఎక్కువ చూపిస్తున్నట్టు.

ఇదే పద్ధతిలో జనవరి–మార్చిని సరిదిద్దాం. మిర్చి కొనుగోలు 300 తీసేసి, ఆ మూడు నెలల్లో నిజంగా వాడిన సరుకును, పాత నిల్వలో మిగిలిన 6 టన్నులతో కలిపి, నెలకు 22 టన్నుల చొప్పున, అంటే 27.5 లక్షల చొప్పున పెట్టాం. కలర్ సార్టర్ ఒక్కసారి ఖర్చు కాబట్టి పక్కన పెట్టాం. నెలకు రోజువారీ ఖర్చులు 84, మిర్చి 27.5, వసూళ్లు 55. తేడా 56.5 లక్షలు.

అక్కడితో ఆపేద్దామనుకునే లోపు వసూళ్ల వివరాలు చూశాను. పెరిగిన 15 లక్షల్లో 9 లక్షలు మార్చి చివరి వారంలో వచ్చాయి, అన్నీ పాత బకాయిలే. కారణం అప్పటి ఆదాయ పన్ను చట్టంలోని 43బి(హెచ్) సెక్షన్. సూక్ష్మ, చిన్న తయారీ సంస్థలకు చెల్లించాల్సిన డబ్బును గడువులోగా, ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో కట్టకపోతే, కొన్నవాళ్లకు ఆ ఏడాది ఆ ఖర్చు మినహాయింపు దొరకదు. కట్టిన ఏడాదిలోనే దొరుకుతుంది. 2023–24 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. మా కంపెనీకి చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి, ఏడాదంతా నానబెట్టిన కస్టమర్లు మార్చి 31 లోపు ఆదరాబాదరాగా కట్టేశారు. మంచిదే. కానీ ఏప్రిల్‌లో ఆ ఊపు ఉండదు. అందుకని నెలకు 3 లక్షలు వసూళ్లలోంచి తీసేశాం. అలా బర్న్ 59.5, ఉత్తరంలో 60 లక్షలు అని రాశాం.

కాబట్టి బర్న్ 25 నుంచి 96కి పెరగలేదు. 50 నుంచి 60కి పెరిగింది. వినడానికి ఇది చల్లటి కబురులా ఉంటుంది కానీ కాదు. సీజన్ వెళ్లిపోయినా ఈ 10 లక్షలు వెళ్లిపోవు. రోజువారీ ఖర్చుల్లో నెలకు 9 లక్షలు పెరిగాయి కదా, అందులో 5.5 లక్షలు ముగ్గురు కొత్త ఉద్యోగుల జీతాలు, ప్రయాణ ఖర్చులు. ఇద్దరు సేల్స్‌లో, ఒకరు క్వాలిటీలో. మిగతా 3.5 లక్షలు ల్యాబ్ పరీక్షలకు, ఆవిరితో సూక్ష్మజీవుల్ని తగ్గించే ప్రక్రియకు. ఎగుమతి చేసే ఒక మసాలా కంపెనీ కొత్తగా కొనడం మొదలుపెట్టింది. యూరప్ వెళ్లే సరుకులో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు మించకూడదు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మించకూడదు. కల్లంలో సరిగ్గా ఎండని కాయ ఒక్క బస్తా కలిసినా లాట్ మొత్తం తిరిగొస్తుంది. అందుకని ప్రతి లాటుకూ పరీక్ష చేయించాలి. ఆ కస్టమర్ నుంచి ఇప్పటిదాకా వచ్చిన ఆర్డర్లు ఈ పరీక్షల ఖర్చుకే సరిపోవడం లేదు. ఫౌండర్‌కి ఇది రాయడం ఇష్టం లేదు. కానీ ఇన్వెస్టర్ నిర్ణయం తీసుకోవాల్సిన విషయం ఇదే. మిర్చి కొనుగోలు గురించి నిర్ణయించడానికి ఏమీ లేదు.

లెక్కలు తేలాక, ఒక పని మాత్రం ఆఫీసులో కూర్చుని అయ్యేది కాదు. 2.25 కోట్ల విలువైన 180 టన్నులు నిల్వలో ఉన్నాయని రాయాలంటే ఎవరో ఒకరు వెళ్లి చూసి రావాలి. మార్చి 31న ఫౌండర్, నేను, క్వాలిటీ చూసే అమ్మాయి కోల్డ్ స్టోరేజీకి వెళ్లాం. టిక్కీకి, అంటే మిర్చి బస్తాకి, 45 కిలోల చొప్పున 4,000 టిక్కీలు ఉండాలి. లోపల చలి, దానికి తోడు మిర్చి ఘాటు, లోపలికి వెళ్లిన నిమిషానికే దగ్గు మొదలవుతుంది. చాంబర్ చాంబర్‌కీ వెళ్లి లాట్ నంబరు, టిక్కీల లెక్క, కోల్డ్ స్టోరేజీ వాళ్ల రసీదు మూడూ సరిపోతున్నాయో లేదో చూశాం. ఒక్కో లాట్ నుంచి రెండు మూడు టిక్కీలు విప్పించి ఆ అమ్మాయి దోసిట్లోకి కాయలు తీసి చూసింది. తొడిమ పచ్చగా ఉందా, కాయ విరిస్తే పెళుసుగా విరుగుతోందా, సాగుతోందా అని. తేమ మీటరు చాలా లాట్లలో 10, 11 శాతం చూపించింది. ఒక్క లాట్ దగ్గర ఆగిపోయింది. రంగు వెలిసిన తాలు కాయ కలిసి ఉంది, పైపైన కనిపించే దానికంటే లోపల ఎక్కువ. ఆ లాటులో 240 టిక్కీలు ఉన్నాయి. దాన్ని మొదటి రకం పొడికి వాడలేం.

టిక్కీల లెక్క సరిపోయింది. విలువ మాత్రం సరిపోలేదు. ఆ 240 టిక్కీలను సగం ధరకు లెక్కేసి, కొన్న ధర 2.25 కోట్లు, మేం నమ్ముతున్న విలువ 2.18 కోట్లు అని రాశాం. బ్యాంకు బ్యాలెన్స్‌లో దీనివల్ల ఏ మార్పూ ఉండదు. అయినా ఈ 7 లక్షల తేడాను ఉత్తరంలో పెట్టాక, మిగతా 2.18 గురించి ఎవరూ మారు మాట అడగలేదు.

ఇక రన్‌వే. 4 కోట్లను 60 లక్షలతో భాగిస్తే ఆరున్నర నెలలు దాటుతుంది. కానీ ఆ 60లో మిర్చి ఖర్చు ఉంది, ఆ మిర్చి ఇప్పటికే కొనేశారు. నెలకు 22 టన్నుల చొప్పున 180 టన్నులు ఎనిమిది నెలలు వస్తాయి. మరోవైపు, బ్యాంకు అప్పు ఆ సరుకు మీదే ఉంది. కోల్డ్ స్టోరేజీ నుంచి సరుకు బయటికి రావాలంటే ఆ మేరకు అప్పు కట్టి బ్యాంకు నుంచి అనుమతి తెచ్చుకోవాలి. ఒకటి రన్‌వేని పెంచుతుంది, ఇంకోటి తగ్గిస్తుంది. ఒక్క భాగహారంలో ఈ రెండూ ఇమడవు, అందుకని నెలనెలా వేశాం.

ఏప్రిల్ నుంచి నెలకు ఖర్చులు 84, వసూళ్లు 52, తేడా 32. బ్యాంకు వడ్డీ, కోల్డ్ స్టోరేజీ అద్దె కలిపి సుమారు 2. ఈ అద్దె మొత్తం సీజన్‌కి 8 లక్షల దాకా అవుతుంది. మా ఒప్పందం ప్రకారం సరుకు బయటికి తీసేటప్పుడు కట్టాలి, అందుకే మార్చి లెక్కల్లో ఎక్కడా కనిపించలేదు. అప్పు అసలు నెలకు 17. మొత్తం 51 లక్షలు. ఈ లెక్కన జూన్ చివరికి 2.47 కోట్లు, సెప్టెంబర్ చివరికి 94 లక్షలు, అక్టోబర్ చివరికి 43 లక్షలు మిగులుతాయి. నవంబర్ ఆఖరి రోజుల్లో సున్నా.

సున్నా దాకా కంపెనీ నడవదు. ఒక నెల జీతాలు, పీఎఫ్, టీడీఎస్, జీఎస్టీ, ప్యాకింగ్ సరఫరాదారుల బాకీలు కలిపి 60 లక్షలు ఎప్పుడూ ఉండాలని పెట్టుకున్నాం. ఆ గీత అక్టోబర్‌లో దాటుతుంది. అన్నిటికంటే గట్టి విషయం ఇంకోటి ఉంది. జనవరిలో మళ్లీ సీజన్ మొదలవుతుంది, మళ్లీ 3 కోట్లు కావాలి. బ్యాంకు సరుకు కొన్నాకే అప్పిస్తుంది, కొనడానికి ఇవ్వదు. కాబట్టి నవంబర్ దాకా డబ్బు ఉందన్న మాటకు పెద్ద అర్థం లేదు. జనవరికి చేతిలో డబ్బు లేకపోతే ఆపై ఏడాది అమ్మడానికి సరుకే ఉండదు.

ఏప్రిల్ రెండో వారంలో ఫౌండర్ పంపిన ఉత్తరంలో ముఖ్యమైన భాగం ఇది:

"మార్చి 31న మన దగ్గర 4 కోట్ల రూపాయలు ఉన్నాయి. ఈ క్వార్టర్లో బ్యాంకు నిల్వ 2.88 కోట్లు తగ్గింది. 1.35 కోట్ల బ్యాంకు అప్పు రాకపోయి ఉంటే 4.23 కోట్లు తగ్గేది.

"ఇందులో 3 కోట్లు మిర్చి కొనుగోలు. మూడొంతులు, అంటే కొన్న ధరలో 2.25 కోట్ల సరుకు ఇంకా కోల్డ్ స్టోరేజీలో ఉంది. మేం స్వయంగా లెక్కపెట్టి చూశాం. ఒక లాటులో నాణ్యత తక్కువగా ఉన్నందున దాని విలువ 2.18 కోట్లుగా తీసుకుంటున్నాం. సరుకుకు బీమా ఉంది. 36 లక్షలు కలర్ సార్టర్‌కి అయ్యాయి, ఈ ఏడాది ఇలాంటి మెషీన్ ఇంకోటి కొనే ఆలోచన లేదు.

"గత క్వార్టర్లో నెలకు 25 లక్షల బర్న్ అని మీకు చెప్పాం. అప్పుడు పాత నిల్వలోంచి మిర్చి వాడుకున్నాం కాబట్టి ఆ అంకె తక్కువగా కనిపించింది. వాడిన సరుకును కూడా లెక్కేస్తే అది 50 లక్షలు. ఇదే పద్ధతిలో ఈ క్వార్టర్ బర్న్ నెలకు 60 లక్షలు. ఇకపై ప్రతి నెలా రెండు అంకెలూ ఇస్తాం, బ్యాంకులో తగ్గింది, సరుకుతో సరిదిద్దింది.

"50 నుంచి 60కి పెరగడానికి సీజన్ కారణం కాదు. ముగ్గురిని కొత్తగా తీసుకున్నాం, ఎగుమతి కస్టమర్ కోసం పరీక్షల ఖర్చు పెరిగింది. ఆ కస్టమర్ ఇప్పటి ఆర్డర్లు ఆ ఖర్చును భరించడం లేదు. జులై చివరికి వాళ్ల ఆర్డర్ నెలకు 4 టన్నులకు చేరకపోతే ఆ పని ఆపేస్తాం.

"నెలవారీ అంచనా ప్రకారం అక్టోబర్‌లో మన నిల్వ 60 లక్షల కంటే కిందికి వెళ్తుంది, నవంబర్ చివరికి అయిపోతుంది. జనవరి కొనుగోళ్లకు విడిగా 3 కోట్లు కావాలి. కాబట్టి మే నెలలోనే నిధుల ప్రయత్నం మొదలుపెడుతున్నాం. జులై చివరికి టర్మ్ షీట్ చేతికి రాకపోతే ఆగస్టు నుంచి నెలకు 14 లక్షల ఖర్చు తగ్గిస్తాం. ఏవి తగ్గిస్తామో జత చేశాం. అలా చేసినా మనకు దొరికేది సుమారు ఒక నెల మాత్రమే.

"మిర్చి ధర 15 శాతం పడితే మన సరుకు విలువ తగ్గి, బ్యాంకు సుమారు 20 లక్షలు వెంటనే కట్టమని అడగవచ్చు. ఆ డబ్బు పై లెక్కలో లేదు."

ఆ చివరి పేరా గురించి ఒక మాట. బ్యాంకు సరుకు విలువలో 60 శాతం అప్పిచ్చింది. 2.25 కోట్ల సరుకు 15 శాతం పడితే 1.91 కోట్లవుతుంది, అందులో 60 శాతం 1.15 కోట్లు. మనం వాడుకున్నది 1.35. ఆ తేడా 20 లక్షలు మనం కట్టుకోవాలి. ధర పడితే తర్వాతి కొనుగోలు చవక అవుతుంది, అది లాభమే. కానీ ఆ లాభం జనవరిలో వస్తుంది, బ్యాంకు ఫోన్ ఆ వారమే వస్తుంది.

ఉత్తరం వెళ్లాక మొదటి ఫోన్ చేసింది తెలుగాయనే. కుటుంబం తరాలుగా మిర్చి కమీషన్ వ్యాపారంలో ఉంది, సొంత డబ్బు పెట్టిన ఏంజెల్. బర్న్ గురించి ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "సరుకు ఏ కోల్డ్‌లో ఉంది బాబూ? రసీదులు కంపెనీ పేరు మీద ఉన్నాయా, నీ పేరు మీదా?" అన్నారు. కంపెనీ పేరు మీదే, బ్యాంకు తనఖాతో ఉన్నాయని ఫౌండర్ చెప్పాడు. "బీమాలో నిప్పు ఒక్కటేనా, మెషీన్ చెడిపోయి చల్లదనం పోతే కూడా వస్తుందా?" అన్నది రెండో ప్రశ్న. పాలసీ తీసి చూస్తే రెండోది లేదు. ఆ వారమే చేర్పించాం.

ఫండ్ వాళ్ల వైపు నుంచి వచ్చిన ఆక్షేపణ వేరు. 50 లక్షల అంకెను గత క్వార్టర్లోనే ఎందుకు చెప్పలేదని అడిగారు. ఎవరూ సరుకుతో సరిదిద్దిన అంకె తయారు చేయలేదు, అడగలేదు, ఇప్పుడు చేశాం అని ఫౌండర్ సూటిగా జవాబు రాశాడు. ఇంకో వాదన కూడా పెట్టారు: అప్పు సరుకు మీదే ఉంది కాబట్టి సరుకులోంచి అప్పు తీసేసి 90 లక్షల నికర నిల్వ అని ఒక్క అంకె చూపిస్తే చాలదా అని. నేను ఒప్పుకోలేదు. సరుకు ఎనిమిది నెలల్లో మెల్లగా, అదీ పొడిగా మారి అమ్ముడై, కస్టమర్ డబ్బు కట్టాకే నగదవుతుంది. అప్పు మాత్రం సరుకు బయటికి తీసిన రోజే కట్టాలి. ఆ రెండింటి మధ్య నెల పైన ఎడం ఉంటుంది. రన్‌వే తెగేది ఆ ఎడంలోనే. చివరికి రెండూ విడివిడిగా చూపడానికే ఒప్పుకున్నారు.

జులైలో వెళ్లిన ఉత్తరంలో అంచనా, వాస్తవం పక్కపక్కన పెట్టాం. జూన్ చివరికి 2.47 కోట్లు ఉంటాయని రాశాం, 2.44 ఉన్నాయి. ఏప్రిల్‌లో 52, మేలో 49, జూన్‌లో 55 లక్షలు తగ్గాయి. జూన్ పెరగడానికి ఒక హోటల్ గ్రూపు చెల్లింపు జులై మొదటి వారానికి జారడమే కారణం. ఎగుమతి కస్టమర్ ఆర్డర్ నెలకు 3 టన్నుల దగ్గర ఆగింది, చెప్పిన 4 టన్నులకు చేరలేదు. జులై చివరి దాకా చూడాలా, ఇప్పుడే ఆపేయాలా అని ఫౌండర్ ఈసారి ఇన్వెస్టర్లనే అడిగాడు. ఆపే పక్షంలో ల్యాబ్‌తో ఒప్పందాన్ని రద్దు చేయడానికి 30 రోజుల నోటీసు ఇవ్వాలని, అంటే ఆదా ఆగస్టు చివరి నుంచే మొదలవుతుందని అదే పేరాలో రాశాడు.